ఒకే మాయ, ఇద్దరు పిల్లలు: నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక కవలల కేసు

డిసెంబరు చివరి వారం. పత్తి ఏరుడు ముగింపుకొస్తున్న రోజులు. నర్సంపేట అవతలి ఊరి నుంచి 24 ఏళ్ల అమ్మాయి హనుమకొండలో మా క్లినిక్‌కు వచ్చింది. మొదటి గర్భం. వెంట అత్తగారు, ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టిన స్కానింగ్ కాగితం. ఎనిమిదో వారంలో దగ్గరి పట్నంలో తీయించారట. గర్భంలో ఇద్దరున్నారు, ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయి అని అందులో ఉంది. ఇంకేమీ లేదు.

"జంట పిల్లలట డాక్టరమ్మా. మా ఇంట్ల ఇప్పటిదాక ఎవ్వరికీ లేరు" అన్నది అత్తగారు సంబురంగా.

నాకు కావలసిన ఒక్క వాక్యం ఆ కాగితంలో లేదు. ఇద్దరికీ మాయ ఒకటా, రెండా? కవలల గర్భంలో నేను మొదట అడిగేది అదే. ఎన్ని స్కాన్లు తీయాలి, దేనికి భయపడాలి, ఏ వారంలో కాన్పు చేయాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే నడుస్తాయి. ఆ జవాబు ఎప్పుడంటే అప్పుడు దొరకదు కూడా. 11 నుంచి 14 వారాల మధ్య స్పష్టంగా కనిపించే గుర్తు తరువాత మెల్లమెల్లగా చెరిగిపోతుంది. 20 వారాలకు వచ్చిన కవలల తల్లి విషయంలో చాలాసార్లు ఊహించుకోవడమే మిగులుతుంది. అదృష్టవశాత్తూ ఈమె సమయానికి వచ్చింది. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను.

గుర్తు ఎక్కడ కనిపించింది

చివరి నెలసరి తేదీ ఆమెకు సరిగ్గా గుర్తులేదు. అందుకే పిల్లల పొడవును బట్టి నెలలు లెక్కకట్టాం. ఒక బిడ్డ తల నుంచి పిరుదుల వరకు 58 మిల్లీమీటర్లు, రెండో బిడ్డ 55. కవలల్లో పెద్ద బిడ్డ కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. చిన్న బిడ్డను పట్టుకుని తేదీ వేస్తే, ఆ బిడ్డ నిజంగానే వెనకబడుతున్నా మనకు తెలియకుండా పోతుంది. ఆ లెక్కన ఆ రోజుకు 12 వారాల 2 రోజులు.

మాయ గర్భసంచి వెనక గోడకు ఒకే ముద్దగా కనిపించింది. ఒకే ముద్ద కనిపించింది కదా అని మాయ ఒక్కటే అనుకోకూడదు. రెండు మాయలు పక్కపక్కనే అతుక్కుని ఒకటిగా కనిపించడం మామూలే. చూడాల్సింది ఇద్దరి మధ్యనున్న పొర మాయను తాకే చోటు. రెండు మాయలుంటే ఆ మూలలో మాయ కణజాలం పొరలోకి చొచ్చుకువచ్చి త్రికోణంలా మందంగా ఉంటుంది. దాన్ని లాంబ్డా గుర్తు అంటాం. ఒకే మాయ అయితే పల్చటి పొర సన్నని దారంలా వచ్చి మాయకు నిట్టనిలువుగా అతుక్కుంటుంది, ఇంగ్లిషు టి అక్షరంలాగా. ఈమెకు కనిపించింది టి. పొరను అటూ ఇటూ నాలుగు కోణాల్లో చూసి, రెండు ఫొటోలు తీసి ఫైల్లో అంటించాను. మాయ ఒకటి, ఉమ్మనీటి సంచులు మాత్రం రెండు.

ఇక్కడ ఒక చిన్న మాట. ఒకరు మగ, ఒకరు ఆడ అని తెలిస్తే మాయలు రెండేనని తేలిపోతుంది. విదేశాల్లో దాన్నీ ఒక ఆధారంగా రిపోర్టులో రాస్తారు. మన దగ్గర 1994 నాటి చట్టం ప్రకారం అది చెప్పకూడదు, రాయకూడదు. అందుకని మన స్కానింగ్ డాక్టర్లు పొర మీదే పూర్తిగా ఆధారపడాలి. ఆ పొర చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. రద్దీగా ఉన్న సెంటర్లలో ఎగిరిపోయేది ఆ రెండు నిమిషాలే.

అదే రోజు ఇద్దరికీ చిరునామాలు ఇచ్చాను. కింద, ఎడమ వైపు, గర్భసంచి ముఖద్వారానికి దగ్గరున్న బిడ్డ ఏ. పైన కుడివైపు బిడ్డ బి. ఏ బిడ్డ బొడ్డుతాడు మాయ మధ్యలో అతికింది, బి బిడ్డది అంచున. పేరు ఒక్కటే పెట్టి స్థానం రాయకపోతే వచ్చే స్కానులో ఇంకో డాక్టరు వీరిద్దరినీ తారుమారు చేస్తారు. అప్పుడు పెరుగుదల గ్రాఫ్‌కు అర్థమే ఉండదు.

ఒకే బోరు, రెండు మోటర్లు

ఇంట్లో వాళ్లకు నేను చెప్పిన పోలిక ఇది. ఒకే బోరు మీద ఇద్దరు అన్నదమ్ములు చెరో మోటరు పెట్టుకున్నారనుకోండి. ఇద్దరూ సమానంగా తోడుకుంటే పేచీ లేదు. లోపల పైపులు ఎక్కడో కలిసిపోయి ఒకరి నీళ్లు ఇంకొకరి పొలంలోకి పోతే మాత్రం ఒక మడి ఎండుతుంది, ఇంకో మడి మునుగుతుంది. ఒకే మాయ ఉన్న కవలల్లో ఇద్దరి రక్తనాళాలు మాయ మీద దాదాపు ఎప్పుడూ కలిసే ఉంటాయి. నూటికి 10 నుంచి 15 గర్భాల్లో ఆ ప్రవాహం ఒకవైపుకు ఒరుగుతుంది. రక్తం ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి ఉమ్మనీరు ఎండిపోతుంది. పుచ్చుకునే బిడ్డకు రక్తం ఎక్కువై, మూత్రం ఎక్కువై, ఉమ్మనీరు పొంగుతుంది, గుండె అలసిపోతుంది. తీవ్రంగా మారినదాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే చాలావరకు ఇద్దరూ దక్కరు.

ఇది మొదలైనప్పుడు తల్లికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, రక్తం పోదు. పొట్ట పెద్దగైందంటే "కవలలు కదా" అనుకుంటారు. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కాన్ అన్నాను. మాయలు రెండైతే నాలుగు వారాలకొకసారి సరిపోయేది.

అత్తగారి ముఖం మారింది. "నెలకు రెండుసార్లు తీస్తే ఆ కరెంటుకు పిల్లలకు ఏమన్న అయితదేమో."

అది ఎక్స్‌రే కాదని, శబ్ద తరంగాలేనని చెప్పాను. ఆమె అసలు బెంగ అది కాదని నాకు తెలుసు. ఊరి నుంచి నర్సంపేటకు ఆటో, అక్కడి నుంచి బస్సు, ఒక రోజు కూలి, స్కాన్ డబ్బులు. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. ప్రతి స్కానూ పెద్ద స్కాన్ కాదు. మధ్యలో వచ్చేవి పది నిమిషాల చూపులు. ఇద్దరి చుట్టూ ఉమ్మనీరు ఎంత లోతుంది, ఇద్దరి మూత్రసంచులూ నిండి కనిపిస్తున్నాయా, బొడ్డుతాడులో రక్తప్రవాహం ఎలా ఉంది, 20 వారాలు దాటాక మెదడు రక్తనాళంలో వేగం ఎంత అని చూస్తాం. ఆ చివరిది ఒక బిడ్డకు రక్తం పల్చబడుతోందా అని పట్టుకోవడానికి. బరువు కొలత నాలుగు వారాలకొకసారి.

మందుల విషయానికొస్తే, తొలి గర్భం, పైగా కవలలు. బీపీ పెరిగే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. కాబట్టి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఆ రోజే మొదలుపెట్టాను. 16 వారాలు దాటాక మొదలుపెడితే దాని ఫలితం తగ్గుతుంది.

పళ్లెంలో ఏముంది

మొదటి రోజు బరువు 46 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. హిమోగ్లోబిన్ 9.1. బలహీనమైన అమ్మాయి కాదు. రోజుకు పది గంటలు పత్తి చేనులో వంగి పని చేసే మనిషి. ఏం తింటావు బిడ్డా అని అడిగితే "అన్నీ తింట" అన్నది. ఆ జవాబును నేనెప్పుడూ నమ్మను. నిన్న లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా గంట గంటకూ చెప్పించాను. పొద్దున చాయ, రెండు బిస్కెట్లు. పదకొండింటికి అన్నం, పప్పుచారు. సాయంత్రం మళ్లీ చాయ. రాత్రి అన్నం, వంకాయ కూర, కొద్దిగా మజ్జిగ. వాంతుల వల్ల రాత్రి సగం వదిలేసింది.

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, దాంతో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు వస్తాయి కదా అంటే, వస్తాయి కానీ గుడ్డు ఇంటికి తెచ్చి ఆడబిడ్డ కొడుకుకు సగం పెడుతుందట. నాలుగేళ్ల పిల్లాడు చూస్తుంటే తినబుద్ధి కాదంది. దానికి నేనేమంటాను? "వాడికి వేరే గుడ్డు ఉడకబెట్టండి" అని అత్తగారికి చెప్పాను, అంతే.

ఇద్దరి కోసం రెండింతలు తినాలన్నది తప్పు. ఒక్క బిడ్డ ఉన్న గర్భిణికి రోజుకు 350 కిలోకేలరీలు అదనంగా కావాలనుకుంటే, కవలల తల్లికి సుమారు 600 అవసరం. అది ఒక పూట భోజనమంత. చిక్కేమిటంటే, ఆరో నెల దాటాక గర్భసంచి కడుపును పైకి నెట్టేస్తుంది, పెద్ద పళ్లెం పట్టదు. కాబట్టి అన్నం పెంచకుండా మధ్యలో చిన్న తిండ్లు చేర్చాలి. ఈమెకు చెప్పినవి ఇవి: పొద్దున చాయకు బదులు గ్లాసు పాలతో రెండు గుడ్లు. పదకొండింటికి మామూలు అన్నమే, పప్పు మాత్రం చారులా పల్చగా కాకుండా ముద్దపప్పులా చిక్కగా. మధ్యాహ్నం అంగన్‌వాడీ భోజనం. నాలుగింటికి గుప్పెడు వేయించిన పల్లీలు, చిన్న బెల్లం ముక్క. రాత్రి రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర, గిన్నెడు పెరుగు. రాత్రి మెలకువ వస్తే అరటిపండు. గుప్పెడు పల్లీల్లో, అంటే సుమారు 30 గ్రాముల్లో, ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులు, 170 కిలోకేలరీలు ఉంటాయి. ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బా కొనవలసిన పని లేదని గట్టిగా చెప్పాను. మెడికల్ షాపులో ఆమె భర్త అప్పటికే దాని ధర అడిగి ఉన్నాడు.

"ఎక్కువ తింటే పిల్లలు పెద్దగై కాన్పు కష్టమైతది" అన్న మాట అత్తగారు రెండు మూడుసార్లు అన్నది. ఒక్క బిడ్డ విషయంలోనే ఆ లెక్క సరిగా నిలవదు, కవలల్లో అసలే నిలవదు. వీళ్లు తొందరగా పుడతారు. పుట్టేలోగా వాళ్లు కూడబెట్టుకున్న ప్రతి వంద గ్రాములూ పుట్టాక పనికొస్తాయి. ఆమె ఎత్తు బరువులకు కవలలతో మొత్తం 17 నుంచి 25 కిలోలు పెరగాలన్నది నేను పెట్టుకున్న గురి.

ఐరన్ కథ వేరు. రోజుకు రెండు మాత్రలు ఇచ్చాను. 20 వారాలు దాటాక చూస్తే హిమోగ్లోబిన్ 8.6కు పడింది. కవలల తల్లిలో రక్తంలోని నీటి భాగం ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి అంకె కొంత పడటం సహజమే, కానీ ఇంత పడకూడదు. మాత్రలు ఖాళీ అవుతున్నాయి, మలం నల్లగానే ఉంది. అంటే వేసుకుంటోంది. ఎట్ల వేసుకుంటున్నవమ్మా అని చేసి చూపించమన్నాను. అన్నం తిన్నాక చాయతో వేసుకుంటోంది, దాని వెంటే కాల్షియం మాత్ర కూడా. చాయ, కాల్షియం రెండూ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. పద్ధతి మార్చాం, కానీ ఆ లోటు మాత్రలతో పూడ్చేంత సమయం లేదు. ఒక్క బిడ్డ ఉంటే ఇంకో 18 వారాలు ఉన్నాయనుకుంటాను, ఇక్కడ 14, 15కు మించి లెక్కపెట్టుకోలేను. అందుకని 24వ వారంలో ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు 1,000 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి ఒకేసారి నరంలోకి ఇచ్చాం. 30 వారాలకు 10.7 అయింది. ఈ అంకె ఎందుకు ముఖ్యమో కాన్పు రోజు తెలిసింది.

జాతర వారం

16 వారాలకు అంతా సమానం. 18కి ఏ చుట్టూ ఉమ్మనీరు 5.1 సెంటీమీటర్ల లోతు, బి చుట్టూ 4.2. 20 వారాల స్కాన్ మేడారం జాతర వారంలో పడింది. బస్సులన్నీ అటే, ఊళ్లో సగం మంది అటే. ఆమె రాలేదు. నేను ఫోన్ చేయించలేదు. అది నా తప్పు. ఆ రోజు నుంచి మా దగ్గర ఒకే మాయ ఉన్న కవలల పేర్లు గోడ మీద వేరే క్యాలెండర్‌లో రాస్తున్నాం, రాకపోతే అదే సాయంత్రం నర్సు ఫోన్ చేస్తుంది.

21 వారాలకు వచ్చింది. ఏ చుట్టూ 7.4, బి చుట్టూ 2.3.

ఒకవైపు 8 దాటి, ఇంకోవైపు 2 కన్నా తగ్గితే రక్తం ఒకవైపుకు మళ్లిందని నిర్ధారిస్తాం. 20 వారాలు దాటాక కొందరు పై హద్దును 10గా తీసుకుంటారు. ఈమె ఆ గీతకు ఇవతలే ఉంది. బి మూత్రసంచి కనిపిస్తుందా లేదా అని ప్రోబ్ అక్కడే పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి చిన్న నల్లటి చుక్క నిండటం కనిపించింది. పిల్లలు అరగంట, ముప్పావుగంటకొకసారి మూత్రం పోస్తారు కాబట్టి ఒకసారి చూసి లేదనేయకూడదు. రక్తప్రవాహాలు ఇద్దరిలో బాగానే ఉన్నాయి. కాబట్టి ఇది జబ్బు కాదు, జబ్బు కాబోతుందేమోనన్న అనుమానం.

ఆ రోజు మూడు పనులు చేశాను. స్కాన్లు వారానికొకటి చేశాను. హైదరాబాద్‌లో ఫీటల్ మెడిసిన్, అంటే గర్భంలో ఉన్న పిల్లలకు వైద్యం చేసే స్నేహితురాలికి ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించాను. గీత దాటితే గర్భసంచిలోకి సన్నని కెమెరా పంపి, కలిసిన రక్తనాళాలను లేజర్‌తో మూసేయాలి. అది మామూలుగా 16 నుంచి 26 వారాల మధ్య చేసే పని, వరంగల్‌లో నేను చేయగలిగేది కాదు. గీత దాటాక వెతుక్కోవడం కన్నా ముందే దారి తెలిసి ఉండాలి. మూడోది, ఆ అమ్మాయికి ఒక కాగితం మీద రాసిచ్చాను: పొట్ట రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా బిగుసుకున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, మరుసటి స్కాన్ దాకా ఆగకుండా అదే రోజు రావాలని.

ఒకే మాయ పంచుకున్న పిల్లల్లో గుండె లోపాలు కాస్త ఎక్కువ కాబట్టి 22 వారాలకు ఇద్దరి గుండెలకూ వేరే స్కాన్ చేయించాం. బాగానే ఉన్నాయి. ఉమ్మనీరు ఆ వారం 7.7, 2.1. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. 23కి 6.9, 2.8. 24కి 6.2, 3.4. దానంతటదే సర్దుకుంది. మేం చేసిన వైద్యం వల్ల తగ్గిందని చెప్పుకోవడానికి లేదు. కొందరిలో సర్దుకుంటుంది, కొందరిలో వారం తిరిగేలోగా గీత దాటుతుంది. ఎవరిలో ఏది జరుగుతుందో 21వ వారం స్కాన్ చూసి చెప్పలేం, అందుకే మళ్లీ మళ్లీ చూడటం.

తరువాత మిగిలిన బెంగ బి బరువు. బొడ్డుతాడు అంచున అతికింది కాబట్టి ఆ బిడ్డకు మాయలో వాటా తక్కువ. 28 వారాలకు ఏ 1,120 గ్రాములు, బి 960. తేడాను పెద్ద బిడ్డ బరువుతో భాగిస్తే నూటికి 14. 32 వారాలకు 18. 34కి 2,150, 1,730, అంటే దాదాపు 20. నూటికి 20 దగ్గర జాగ్రత్త పెంచుతాం, 25 దాటితే, చిన్న బిడ్డ నిజంగానే వెనకబడిందని తీసుకుంటాం. బొడ్డుతాడులో ప్రవాహం చివరి దాకా ఆగకుండా సాగుతుండటం వల్ల ఓపిక పట్టగలిగాను.

తల్లిగారింటికి పంపమన్నప్పుడు

ఏడో నెలలో తొలి కాన్పుకు తల్లిగారింటికి తీసుకుపోతామని వాళ్లమ్మ వచ్చింది. వాళ్లది ఏటూరునాగారం దాటి లోపల. నేను వద్దన్నాను. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. నొప్పులు ఎప్పుడొస్తాయో మన చేతిలో లేదు. నెలలు నిండని ఇద్దరు పిల్లలకు ఒకేసారి రెండు వార్మర్లు, పిల్లల డాక్టరు ఉన్న చోటికి గంటలోపు చేరగలగాలి. "మరి ఆనవాయితీ ఎట్ల?" అన్నది ఆమె. బిడ్డను అమ్మ దగ్గరికి పంపే బదులు అమ్మే బిడ్డ దగ్గరికి రావచ్చు కదా అన్నాను. 33 వారాలకు హనుమకొండలో ఒక గది కిరాయికి తీసుకుని తల్లీబిడ్డలు దిగారు.

తొందరగా ఎందుకు పుడతారు అన్నది ఆమె భర్త నన్ను రెండుసార్లు అడిగాడు. కారణం ఒకటి కాదు. గర్భసంచి సాగడానికి ఒక హద్దుంది. ఇద్దరు పిల్లలు, రెండు సంచుల నీళ్లతో 32 వారాలకే అది ఒక్క బిడ్డ నిండు నెలల్లో ఉన్నంత పెద్దదవుతుంది, ఆ సాగుడుకే కండరం ముడుచుకోవడం, ముఖద్వారం మెత్తబడటం మొదలవుతాయి. ఇది ఒక దారి. రెండో దారి, బీపీ పెరగడమో, చిన్న బిడ్డ పెరగడం ఆగిపోవడమో జరిగి డాక్టరే ముందుకు జరపడం. మూడోది, ఏ ఇబ్బందీ లేకపోయినా మాయ ఒకటే అయితే 36 వారాలకు మనమే కాన్పు పెట్టుకోవడం. కలిసిన రక్తనాళాల వల్ల ఒక బిడ్డకు హఠాత్తుగా ఏమన్నా అయితే క్షణాల్లో రెండో బిడ్డ రక్తం అటు జారిపోతుంది. ఆఖరి వారాల్లో లోపల ఉంచి వచ్చే లాభం కన్నా ఆ ప్రమాదం పెద్దది. మాయలు రెండైతే 37, 38 దాకా ఆగుతాం.

ముందే ముఖద్వారానికి కుట్టు వేయొచ్చు కదా అని పెద్దవాళ్లిద్దరూ అడిగారు. 21 వారాలకు లోపలి స్కాన్‌లో దాని పొడవు 33 మిల్లీమీటర్లు. కవలలన్న ఒక్క కారణంతో వేసే కుట్టు కాన్పును ఆపదు. మంచం దిగకుండా పడుకోబెట్టడం కూడా అంతే. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తెస్తుంది. చేను పని మాత్రం 24వ వారం నుంచి మాన్పించాను.

33 వారాల 4 రోజులకు, మే చివరి ఎండల్లో, రాత్రి పదింటికి పొట్ట పది నిమిషాలకోసారి రాయిలా అవుతోందని వచ్చింది. నాలుక ఎండిపోయి ఉంది. మూత్రంలో చీముకణాలు. ముఖద్వారం ఒక సెంటీమీటరు తెరుచుకుంది. పిల్లల ఊపిరితిత్తుల కోసం బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ 12 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ అప్పుడే ఒకటి, 24 గంటలకు ఇంకొకటి. ఆ రెండో ఇంజెక్షన్ పడి పనిచేసే దాకా నొప్పులు ఆపడానికి 48 గంటలు నిఫెడిపిన్ మాత్రలు, మూత్రానికి యాంటీబయాటిక్. నిఫెడిపిన్‌తో కాన్పును వారాల తరబడి ఆపగలమని ఎవరూ అనుకోకూడదు. అది కొనేది రెండు రోజులు, స్టెరాయిడ్‌కు కావలసిందీ ఆ రెండు రోజులే. మూడో రోజుకు నొప్పులు తగ్గాయి, గదికి పంపాం.

36కు ఒక రోజు తక్కువ

35 వారాల 5 రోజులకు బీపీ 148/96. నాలుగు గంటల తరువాత 150/98. మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్‌లు. తలనొప్పి లేదు, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు బాగున్నాయి. రెండు రోజుల తరువాత ఎలాగూ చేయాలనుకున్న కాన్పు, ఇంక ఆగడంలో అర్థం లేదు. ముందున్న బిడ్డ తల కిందికి ఉండి ఉంటే మామూలు కాన్పుకే ప్రయత్నించేవాళ్లం, కవలలైతే ఆపరేషనే అన్న నియమం లేదు. ఏ బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. కాబట్టి మరుసటి రోజు పొద్దున సిజేరియన్.

ఇద్దరూ ఆడపిల్లలు. 2,280 గ్రాములు, 1,840 గ్రాములు. ఇద్దరూ ఏడ్చారు. అంతగా సాగిన గర్భసంచి ఖాళీ కాగానే గట్టిగా ముడుచుకోలేదు, మెత్తని సంచిలా చేతికి తగిలింది. ఇది ఊహించినదే. రెండు బాటిళ్ల రక్తం ముందే సిద్ధం చేసి పెట్టాం, ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తోంది. బీపీ ఉంది కాబట్టి, దాన్ని ఇంకా పెంచే మెథర్జిన్ వాడకుండా, గర్భసంచి ముడుచుకోవడానికి కార్బోప్రోస్ట్, రక్తం ఆగడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇచ్చాం. సుమారు 1,000 మిల్లీలీటర్ల రక్తం పోయింది. ఎక్కించాల్సిన అవసరం రాలేదు. మరుసటి రోజు హిమోగ్లోబిన్ 8.9. 8.6తో బల్ల ఎక్కి ఉంటే ఆ రెండు బాటిళ్లూ అయిపోయేవి.

ఆపరేషన్ అయ్యాక మాయను ట్రేలో పరిచి చూశాను. మధ్య పొరను రెండు వేళ్లతో విడదీస్తే రెండే రెండు పల్చటి పొరలు, ఉల్లిపొర లాంటివి. వాటి కింద మాయ మీద ఒక తాడు నుంచి బయల్దేరిన నీలపు నాళం రెండో తాడు వైపు నేరుగా పోయి కలిసింది. చిన్నదాని తాడు సరిగ్గా అంచున. 12వ వారంలో ఫైల్లో అంటించిన ఫొటోలో కనిపించిన గీత ఇదే.

పెద్దది తల్లి దగ్గరే ఉంది. చిన్నది తొమ్మిది రోజులు పిల్లల వార్డులో ఉంది. మొదటి రోజు చక్కెర తగ్గింది, నాలుగో రోజు కామెర్లకు లైటు కింద పెట్టాం, పాలు పీల్చే బలం రావడానికి వారం పట్టింది. అప్పటిదాకా పిండిన తల్లిపాలు గొట్టం ద్వారా. అమ్మమ్మ, నానమ్మ వంతులేసుకుని చిన్నదాన్ని ఛాతీకి ఆనించుకుని పడుకున్నారు. తల్లి మొత్తం పెరిగిన బరువు 15 కిలోలు, నేను పెట్టుకున్న గురికి రెండు తక్కువ. బీపీ మాత్రలు మూడు వారాల్లో ఆగిపోయాయి.

ఇంటికి పంపే రోజు, చిన్నదాని కార్డు మీద నాలుగో వారంలో కంటి పరీక్ష అని రాశాను. 2,000 గ్రాముల లోపు పుట్టిన పిల్లలకు కంటి వెనక రక్తనాళాలు సరిగా పెరుగుతున్నాయో లేదో చూడాలి, ఆలస్యమైతే చూపు పోయాకే తెలుస్తుంది.

"కండ్లు మంచిగనే తెరుస్తున్నది కదా" అన్నది నానమ్మ.

పైకి తెలియదమ్మా, ఉమ్మనీరు లాగే అన్నాను. నాలుగో వారంలో ఇద్దరినీ ఎత్తుకొచ్చారు. పెద్దదాన్ని కూడా చూడమన్నారు, చూశారు. చిన్నదానికి రక్తనాళాలు ఇంకా చివరి దాకా రాలేదు, రెండు వారాల తరువాత మళ్లీ రమ్మని కంటి డాక్టరు రాశారు.